పీర్ల పండుగ థీసిస్ ఎనిమిది పేజీల్లో: ఊరి కమిటీ కోసం సారాంశం రాసిన తీరు

మూడు వందల పేజీల ఇంగ్లిష్ థీసిస్. విషయం పీర్ల పండుగ. పరిశోధకురాలు రెండు మొహర్రాలు ఒకే ఊళ్లో ఉండి, అందరితో మాట్లాడి, డిగ్రీ తీసుకుని వెళ్లిపోయింది. ఏడాది తర్వాత ఆ ఊరి పండుగ కమిటీ ఫోన్ చేసి ఒకే మాట అడుగుతుంది: "బిడ్డా, మా గురించి ఏం రాసినవో మాకు చెప్పు." ఆ మాటకు జవాబుగా ఎనిమిది పేజీల తేలిక తెలుగు పుస్తకం ఎలా తయారవుతుందో, ఎక్కడెక్కడ తప్పుతుందో ఈ కేసులో చూద్దాం. నల్లగొండ, దేవరకొండ నడుమ ఉండే ఊళ్లను దృష్టిలో పెట్టుకుని కట్టిన నమూనా కేసు ఇది. ఊరు, థీసిస్, అందులోని అంకెలు నమూనాకే. పండుగ వివరాలు, మాటల చిక్కులు మాత్రం ఈ జిల్లాల్లో నిజంగా ఎదురయ్యేవే.

ముందు పండుగ సంగతి. క్రీ.శ. 680లో కర్బలాలో మహమ్మద్ ప్రవక్త మనవడు ఇమాం హుస్సేన్ అమరుడయ్యారు. హిజ్రీ లెక్కలో అది మొహర్రం నెల పదో రోజు. షియా ముస్లింలకు ఇవి సంతాప దినాలు. కుతుబ్‌షాహీల కాలం నుంచి హైదరాబాద్‌లో ఆశూర్‌ఖానాలు ఉన్నాయి. పల్లెకు వస్తే ఆశూర్‌ఖానా పీర్లకొట్టం అవుతుంది, అందులో నిలిపే జెండా లాంటి ఆలం పీరు అవుతుంది. నెలపొడుపు చూశాక నిప్పుల గుండం తవ్వడానికి గుద్దలి వేస్తారు. పీర్లను కడిగి, దట్టీ గుడ్డలు కట్టి నిలబెడతారు. జనం ఊదు, కుడుకలు, మలీద తెస్తారు. రాత్రిళ్లు గుండం చుట్టూ అలాయి ఆడతారు. పదో రోజు పీర్లను సాగనంపుతారు. పీర్లను చూసుకునే ముజావర్ దూదేకుల అయినా, వేరే ముస్లిం అయినా, కొన్ని ఊళ్లలో ముస్లిం ఇల్లే లేకపోయినా పండుగ జరుగుతుంది.

థీసిస్ అసలు వాదన ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. ఈ పండుగ రెండు మతాలు కలిసి పుట్టిన మిశ్రమం కాదు. ఊళ్లోని ఇండ్లు పనులను వంతులుగా పంచుకోవడం వల్ల నిలబడుతున్నది. వంతు ఉన్న ఇల్లు బతుకుదెరువుకు హైదరాబాద్‌కో ముంబైకో పోయినప్పుడు ఆ పని ఎవరికి వస్తుందన్నదే నేటి చిక్కు. ఈ ఒక్క వాక్యాన్ని ఊరికి ఊరి మాటల్లో, తప్పు లేకుండా చేర్చడమే సారాంశం పని.

చీటీల పని

నేరుగా అనువాదానికి కూర్చోవడం మొదటి పొరపాటు. థీసిస్ ముందుమాటను తెలుగు చేసి, పేజీలు తగ్గించి పంపితే అది తేలిక భాష కాదు, పొట్టి థీసిస్ అంతే. రాయడానికి ముందు థీసిస్‌లోని ఒక్కో వాదనను ఒక్కో చీటీ మీద రాసుకోవాలి. ఈ కేసులో 61 చీటీలు వచ్చాయి. వాటిని మూడు కుప్పలు చేశారు: పరిశోధకురాలు కళ్లతో చూసినవి, ఊరివాళ్లు చెప్పగా విన్నవి, ఆ రెండింటిని బట్టి ఆమె ఊహించి తేల్చినవి.

సామాజిక శాస్త్రాల్లో ఏ థీసిస్‌కైనా ఈ పద్ధతి పనికొస్తుంది. మతం మీద థీసిస్‌కు మాత్రం ఇది లేకుండా అడుగు పడదు. పంట మీద పరిశోధనలో "దిగుబడి తగ్గింది" అంటే ఎవరు చూసి చెప్పినా అదే మాట. "పీరు కలలో కనబడి కొట్టం కట్టమన్నది" అన్న వాక్యం అలా కాదు. అది ముజావర్ నోట ఒక మాట, పరిశోధకురాలి నోట ఇంకో మాట. ఎవరి నోటిమాటో తెలియకుండా అచ్చైతే ఒకవైపు యూనివర్సిటీయే మహిమను ధృవీకరించినట్టవుతుంది, మరోవైపు ఊరి దేవుణ్ని యూనివర్సిటీ వెక్కిరించినట్టవుతుంది. రెండూ జరుగుతుంటాయి.

చివరికి పుస్తకంలోకి 19 చీటీలే వెళ్లాయి. మిగిలిన 42లో ఎక్కువ భాగం పాత పరిశోధకులతో వాదాలు. అవి పరీక్షకులకు కావాలి, ఊరికి అక్కర లేదు. కమిటీలోని కుర్రవాళ్లు ఇద్దరు, నిప్పుల మీద నడిచినా కాళ్లు ఎందుకు కాలవో సైన్స్ కూడా రాయమన్నారు. థీసిస్‌లో ఆ విషయం లేదు. థీసిస్‌లో లేనిది సారాంశంలోకి రాకూడదు. వస్తే పుస్తకం మొత్తం ఎవరి పూచీ మీద నిలబడిందో చెప్పలేం.

క్రియాపదం దగ్గరే అసలు కష్టం

తెలుగులో "ఎవరు చెప్పారు" అన్నది క్రియలోనే దాగి ఉంటుంది. పీరు కల గురించిన వాక్యాన్నే నాలుగు తీర్లుగా రాసి చూడండి.

"పీరు కలలో కనబడింది" అంటే రాసినవాళ్లు ఒప్పుకుని చెబుతున్నట్టు. "కనబడిందట" అంటే రాసినవాళ్లకు నమ్మకం లేదన్నట్టు. రచ్చబండ మీద "కనబడ్డదంట" అంటే ఎవరికీ నొప్పి లేదు, అది మామూలు మాట. చదువుకున్నవాళ్ల చేతి నుంచి అచ్చులో వచ్చే "అట" మాత్రం ఎగతాళిలా వినిపిస్తుంది. "కనబడిందని నమ్ముతారు" అన్నది చూడ్డానికి మర్యాదగా ఉంటుంది, మొదటి చిత్తుప్రతుల్లో అందరూ రాసేది ఇదే. పది వాక్యాల్లో పదిసార్లు "నమ్ముతారు" వచ్చేసరికి, వీళ్లు నమ్మేవాళ్లు, మేము తెలిసినవాళ్లం అన్న గీత పడుతుంది. తన ఇంట్లో పూజ చేసుకునేవారెవరూ "నేను నమ్ముతాను" అనుకుంటూ చేయరు. నాలుగోది: "పీరు కలలో కనబడి కొట్టం కట్టమన్నదని ముజావర్ ఇంటివాళ్లు చెబుతారు." ఇందులో చెప్పేవాళ్లు ఉన్నారు, చెప్పిన మాట ఉంది, తీర్పు లేదు.

అందుకని ఈ పుస్తకానికి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. కళ్లతో చూసినదానికి మామూలు క్రియ: "గుండం తవ్వుతారు", "దట్టీలు కడతారు". విన్నదానికి మనిషిని చూపించే "చెబుతారు". ఊహించి తేల్చినదానికి "అని ఈ పరిశోధన అంటున్నది". "అట" ఎక్కడా వాడలేదు. "నమ్ముతారు" అన్నది కూడా, ఊరివాళ్లే ఆ మాట అన్నచోట తప్ప ఇంకెక్కడా వాడలేదు. మూడు కుప్పల చీటీలు ఇక్కడ అక్కరకొస్తాయి. ఏ వాక్యానికి ఏ క్రియ పడాలో చీటీ వెనకే రాసి ఉంటుంది.

ఒక పేరాను దగ్గరగా చూద్దాం. గుండం గురించి థీసిస్‌లో ఉన్నదాన్ని ఉన్నట్టుగా తెలుగు చేస్తే ఇలా ఉంటుంది:

"అలాయి గుండం చుట్టూ జరిగే సామూహిక కర్మకాండలో ఇస్లామిక స్మరణ స్థానిక దేవతారాధనా రూపాలతో ముడిపడి, కులాంతర సంఘీభావాన్ని పునరుత్పత్తి చేస్తుంది."

మొదటి చిత్తుప్రతిలో అది ఇలా మారింది:

"గుండంలో నడిస్తే కోరికలు తీరతాయని గ్రామస్థులు నమ్ముతారు. ఇది హిందూ ముస్లిం సంస్కృతుల సమ్మేళనం. దీనివల్ల కులమతాలకు అతీతంగా ఐక్యత పెరుగుతుంది."

మాటలు తేలికయ్యాయి, సంగతి చెడిపోయింది. కోరికలు తీరతాయని ఎవరూ అనలేదు, మొక్కు ఉంది కాబట్టి నడుస్తామన్నారు. మొక్కు వేరు, కోరిక వేరు. ఇక "సమ్మేళనం" థీసిస్ ఒప్పుకోని మాట. దాన్ని కాదనడానికే ఆమె ఒక అధ్యాయం రాసింది. మూడో వాక్యం ఇంకా ప్రమాదం. థీసిస్ సంఘీభావం అన్నది నిజమే, కానీ అదే థీసిస్ ఐదో అధ్యాయంలో, ఎవరు గుండానికి ఎంత దూరంలో నిలబడతారో, ఏ పనికి ఎంత గౌరవమో కూడా రాసింది. తేలిక చేయాలన్న తొందరలో ఆ సగం పోయి, ప్రసంగంలో చెప్పే ఐక్యత మిగిలింది. డప్పు కొట్టే ఇండ్లవాళ్లు అది చదివితే ఇది తమ ఊరి గురించి కాదనుకుంటారు.

అచ్చుకు పోయిన రూపం ఇది:

"గుండం తవ్వేది ఒక ఇంటివాళ్లు. కట్టెలు తెచ్చేది ఇంకో ఇంటివాళ్లు. డప్పు కొట్టేది మాదిగ ఇండ్లవాళ్లు. పీరు ఎత్తేది ఆ వంతు ఉన్నవాళ్లు. ఎవరి పని వాళ్లకు తాతల నుంచి వస్తున్నదని చెబుతారు. మొక్కుకున్నవాళ్లు నిప్పుల మీద నడుస్తారు. ఈ పనుల పంపకమే పండుగను నిలబెడుతున్నదని ఈ పరిశోధన అంటున్నది. అయితే అన్ని పనులకూ ఒకే గౌరవం దక్కడం లేదని కూడా అంటున్నది. డప్పు లేకుండా పీరు లేవదు. కానీ డప్పు కొట్టేవాళ్లకు పీరు ఎత్తే వంతు లేదు."

చివరి రెండు వాక్యాల మీద కమిటీలో రెండు గంటలు మాట్లాడుకున్నారు. తీసేయమన్నవాళ్లు ఉన్నారు, ఉంచకపోతే మేము పుస్తకం ముట్టం అన్నవాళ్లూ ఉన్నారు. అవి కళ్లతో చూసిన చీటీలు, రెండేళ్లూ అలాగే జరిగింది, కాబట్టి ఉంచారు. అదే ఊహించి తేల్చిన చీటీ అయితే మాట మెత్తబరచొచ్చు, చూసినదాన్ని మెత్తబరచకూడదు. ఒక్క మార్పు జరిగింది. ముందు "పీరు ఎత్తనివ్వరు" అని ఉండేది. "వంతు లేదు" అని మార్చారు. ఎవరైనా అడిగితే అడ్డుకున్నారా లేదా అన్నది ఆమె చూడలేదు, వంతు లేదన్నదే చూసింది.

ఇంకో చిన్న మాట. "మొక్కుకున్నవాళ్లు నడుస్తారు" అన్నచోట ముందు "మొక్కు తీరినవాళ్లు" అని పడింది. ఊళ్లో అందరూ అనేది అదే. కానీ అలా రాస్తే మొక్కు తీరిందని రాసినవాళ్లే సాక్ష్యం చెప్పినట్టు. మొక్కుకోవడం మనిషి చేసే పని, దాన్ని చూడొచ్చు. ఇంత చిన్న తేడాలు పట్టుకోవడానికే ప్రతి వాక్యాన్నీ "ఇది ఎవరు చూశారు?" అని అడుగుతూ ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చదవాలి.

నిఘంటువు ఇచ్చే మాటలు

మతం చదువులో ఇంగ్లిష్‌లో నిత్యం వాడే మాటలకు తెలుగు నిఘంటువు ఇచ్చే మాటల్లో సగం మనల్ని ముంచేవే. అన్నిటికంటే చిక్కు "రిచువల్". కర్మకాండ అంటే మన ఊళ్లలో చావు తర్వాత చేసేది. పండుగ పుస్తకంలో ఆ మాట కనబడితే ముసలివాళ్లు పుస్తకం కింద పెట్టేస్తారు. క్రతువు అంటే యజ్ఞం గుర్తొస్తుంది, పీర్లకొట్టానికి అతకదు. తంతు అంటే ఏదో మొక్కుబడిగా కానిచ్చేశారన్న చులకన ఉంది. ఈ పుస్తకంలో దానికి మాట వెతకడమే మానేశారు. "ఏడో రోజు ఏం చేస్తారు" అని అడిగి, చేసేది చెప్పేశారు. పేరు తప్పనిసరైన చోట "వరస" అన్నారు, పండుగ వరస. ఊళ్లో వాడే మాటే.

"మిత్" అన్నది ఇంకొకటి. మతాన్ని చదివేవారికి అది పవిత్రంగా చెప్పుకునే కథ, నిజమా అబద్ధమా అన్న ప్రశ్న అందులో లేదు. తెలుగులో చెవికి దగ్గరగా వచ్చే మాట మిథ్య, అంటే అబద్ధం. కల్పిత గాథ అన్నా అంతే. "కథ" అన్నా కొందరు ఒప్పుకోలేదు. "పీర్లు ఊరికి వచ్చిన సంగతి" అని శీర్షిక పెడితే ఎవరికీ అభ్యంతరం రాలేదు. "పొసెషన్"కు పట్టడం అని రాస్తే దయ్యం పట్టడం అవుతుంది. ఊళ్లో పీరు వచ్చింది, సవారి వచ్చింది అంటారు. ఆ మాటే పెట్టి "సవారి వచ్చిందని అంటారు" అని రాస్తే సరిపోతుంది.

సమ్మేళనం, కలగలుపు, మిశ్రమ సంస్కృతి లాంటి మాటలు ఎందుకు పనికిరావో కమిటీలోని ఒక పెద్దాయన చిత్తుప్రతి విన్నాక తేల్చి చెప్పాడు: "కలిపినం అంటే ముందల ఏరేరుగ ఉన్నట్టు కదా బిడ్డా. మాకు ఏరేరుగ ఎన్నడు లేకుండె." థీసిస్‌లో నలభై పేజీల వాదన అదే. సిద్ధాంతం పేరుతో చెప్పాల్సిన పని లేదు. ఆయన అనుమతితో, పేరు లేకుండా, ఆ మాటనే పుస్తకంలో మూడో పేజీలో పెట్టారు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఆయన మాట ఊరి గురించి, దేశం మొత్తం గురించి కాదు. అందుకే దాని కింద ఇలా రాశారు: "అందరూ ఇలా అనుకోరు. మొహర్రంను ఇట్లా జరపడం ఇస్లాంలో లేదనే ముస్లింలు ఉన్నారు. ఇది మన పండుగ కాదనే హిందువులూ ఉన్నారు. ఎవరిది సరైనదో ఈ పరిశోధన తేల్చలేదు. ఊళ్లో ఏం జరుగుతున్నదో మాత్రమే చూసింది." ఈ ఐదు వాక్యాలు లేకుండా మతం మీద సారాంశం బయటకు ఇవ్వకూడదు. ఊరివాళ్ల కోసమే రాసినా అది వాట్సాప్‌లో పక్క ఊరికీ పట్నానికీ పోతుంది.

సంతాపం సంగతి కూడా అలాంటిదే. పుస్తకం అట్ట మీద "ఉత్సవం" అని వేస్తే షియా పాఠకులకు నొప్పి కలుగుతుంది. "సంతాపం" అని వేస్తే ఊళ్లో ఎవరికీ అర్థం కాదు. అట్ట మీద పీర్ల పండుగ అని, లోపల మొదటి పేజీలోనే "మొహర్రం షియా ముస్లింలకు సంతాప దినాలు, ఈ ఊళ్లో ఇవే పది రోజులను పీర్ల పండుగ అంటారు" అని పెట్టి ముందుకు పోయారు.

కులం పేర్లు అడిగి రాయాలి. ప్రభుత్వ జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా పక్కపక్కనే ఉంటాయి. థీసిస్‌లో మొదటిది వాడారు. ముజావర్ ఇంటివాళ్లు నూర్‌బాషా అని వేయమన్నారు, అదే వేశారు. అడగకుండా వేసిన పేరు అచ్చులో ఎంత నొప్పిస్తుందో వేసినవాళ్లకు తెలియదు.

ఊరి పేరు, భూమి కాగితం

థీసిస్‌లో ఊరికి మారుపేరు ఉంది. కమిటీకి అసలు పేరు కావాలి. మా పండుగ గురించి మా పేరు లేకుండా పుస్తకమేంటని వాళ్ల ప్రశ్న, అది న్యాయమే. కానీ ఊళ్లో ముజావర్ ఒక్కడే. ఊరి పేరు వేస్తే "ఒక ముజావర్ చెప్పాడు" అన్న ప్రతి వాక్యానికీ ఎవరో తెలిసిపోతుంది. పేరు దాచినా హోదా దాచలేం. పైగా పీహెచ్‌డీ థీసిస్‌లు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా చదివేలా ఉంటాయి. సారాంశంలో ఊరి పేరు బయటపడితే థీసిస్‌లో మారుపేరు వెనక ఉన్నవన్నీ కూడా బయటపడతాయి. అంటే ఎనిమిది పేజీలకు కాదు, మూడు వందల పేజీలకు అనుమతి మళ్లీ తీసుకోవాలి.

ఈ కేసులో చేసింది ఇది: పుస్తకంలో ఊరి పేరు వేయలేదు. కమిటీ తన ముద్రను విడిగా వెనక అట్ట మీద వేసుకోవచ్చని అన్నారు, వేసుకుంటే ఏమవుతుందో వివరించారు. ముజావర్ చెప్పినవాటిలో ఇంటి తగాదాకు చెందిన రెండు మాటలు ముందే తీసేశారు. కమిటీ రెండు వారాలు ఆలోచించి ముద్ర వద్దనుకుంది.

భూమి ఇంకా గట్టి విషయం. చాలా ఊళ్లలో పీర్లకొట్టానికి ఇనాం భూమి ఉంటుంది లేదా ఉండేదని చెబుతారు. వక్ఫ్, రెవెన్యూ, సాగు చేసుకునేవాళ్లు, ముగ్గురికీ దాని మీద మాట ఉంటుంది. థీసిస్‌లో ఒక చోట "ఆశూర్‌ఖానా భూమి" అని ఉంది. పరిశోధకురాలు చూసింది 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే పాత భూమి రికార్డులో ఒక నమోదును. చిత్తుప్రతిలో అది "పీర్లకొట్టానికి నాలుగు ఎకరాలు ఉంది" అయిపోయింది. "నమోదైంది" నుంచి "ఉంది"కి ఒక్క మాటే తేడా, కానీ ఆ వాక్యం తహసీల్దార్ ఆఫీసులో కాగితంగా బయటపడొచ్చు. యూనివర్సిటీ రాసిందంటే జనానికి అది సాక్ష్యం. అచ్చులో ఇలా వేశారు: "1954-55 ఖాస్రా పహాణీలో కొట్టం పేరు మీద ఇనాం భూమి నమోదై ఉంది. ఆ తర్వాతి కాగితాలు ఈ పరిశోధనలో చూడలేదు. ఇప్పుడు ఆ భూమి ఎవరిదన్నది ఈ పుస్తకం చెప్పదు." విస్తీర్ణం, సర్వే నంబరు తీసేశారు. పండుగ అర్థం కావడానికి వాటి అవసరం లేదు.

కొట్టం ముందు చదివి వినిపించడం

ఇలాంటి పుస్తకాన్ని ఎక్కువమంది చదవరు, వింటారు. ఇంట్లో ఒక పిల్ల చదివితే నలుగురు వింటారు. అందుకే పరీక్ష కూడా చెవితోనే పెట్టాలి. కొట్టం ముందు అరుగు మీద ఏడుగురిని కూర్చోబెట్టి, పదో తరగతి చదివే అమ్మాయితో చదివించారు. రాసినవాళ్లు చదవలేదు. వాళ్లు చదివితే గొంతుతో అర్థం కలిపేస్తారు, తప్పు దొరకదు. అమ్మాయి ఎక్కడ తడబడిందో, ఎక్కడ ఊపిరి తీసుకుందో పక్కన గీత పెట్టుకుంటూ పోతే చాలు. పన్నెండు మాటలు దాటిన వాక్యాల్లో దాదాపు ప్రతిదాని దగ్గరా ఆగింది. వాటిని విరిచేశారు.

"అర్థమైందా?" అని అడిగితే అందరూ అయిందంటారు. వచ్చినవాళ్లను చిన్నబుచ్చడం మన ఊళ్ల పద్ధతి కాదు. అందుకని వేరేలా అడిగారు: "రేపు మీ అల్లుడు ఫోన్ చేసి పుస్తకంలో ఏముందంటే ఏం చెప్తరు?" మొదటిసారి ఏడుగురిలో ఐదుగురు చెప్పింది, "మన పండుగ గొప్పదని రాసిన్రు." పుస్తకంలో ఆ మాటే లేదు. వంతుల సంగతి ఐదో పేజీలో ఉండటం వల్ల, అంతకు ముందే మర్యాదగా రాసిన రెండు పేజీలను విని వాళ్లు తీర్పు చేసుకున్నారు. వంతుల సంగతిని రెండో పేజీకి తెచ్చి, కర్బలా చరిత్రను కుదించి వెనక్కి పెట్టారు. రెండోసారి చదివితే ఒకామె అన్నది: "ఎవరి పని ఆళ్లు చేస్తెనే పండుగ, పట్నం పోయినోళ్ల పని ఎవరు జేయాల్నో ఇంకా తెల్వదు." సారాంశం చేరిందనడానికి గుర్తు అదే.

వినడానికి వచ్చినవాళ్లలో ఆడవాళ్లు ఉండాలి, గుండం దగ్గరికి ఎక్కువగా రానివాళ్లు కూడా ఉండాలి. థీసిస్‌లో మాట్లాడిన 43 మందిలో ఆడవాళ్లు 9 మందే. మలీద చేసేది, దట్టీ మొక్కుకునేది, ఊదు పట్టుకొచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే అయినా పరిశోధనలో వాళ్ల మాట తక్కువ. దీన్ని దాచకుండా ఆరో పేజీలో రాశారు: "ఆడవాళ్లతో తక్కువగా మాట్లాడాం. కాబట్టి ఇంటి లోపలి పండుగ ఇందులో సరిగా లేదు."

తేదీ చూసుకోవాలి. హిజ్రీ ఏడాది మన ఏడాది కంటే పది పదకొండు రోజులు పొట్టి, అందుకని పండుగ ప్రతి ఏడూ ముందుకు జరుగుతుంది. 2025లో ఆశూరా జులై 6న వచ్చింది. ఈ ఏళ్లలో అది పత్తి విత్తే రోజుల దగ్గర పడుతున్నది. వానలు పడ్డాక కూర్చోవడానికి ఎవరికీ తీరదు. చదివి వినిపించే పని ఏప్రిల్‌లోనే, పొద్దుగూకినాక పెట్టుకోవాలి. చీటీల నుంచి అచ్చుదాకా ఆరు వారాలు పట్టింది, అందులో రాయడానికి పట్టింది తొమ్మిది రోజులే.

అచ్చు సంగతి తొందరగా చెప్పేయొచ్చు. ఏ4 కాగితాలు రెండు, రెండువైపులా అచ్చు, మధ్యలో మడిచి పిన్ను కొడితే ఎనిమిది పేజీలు. అక్షరం 14 పాయింట్లు, పేజీకి సుమారు 150 మాటలు, అంటే అట్టలు, ఖాళీగా వదిలే ఒక లోపలి పేజీ పోను సుమారు ఏడు వందల యాభై మాటలు. డీటీపీ సెంటర్‌లో యూనికోడ్‌ను అను ఫాంట్‌లోకి మార్చేటప్పుడు వత్తులు తారుమారవుతాయి. ఆశూర్‌ఖానా, నూర్‌బాషా లాంటి మాటలు ముందు చెడతాయి. ప్రూఫ్‌ను కమిటీలో ఉర్దూ తెలిసినవారికి ఒకసారి, తెలియనివారికి ఒకసారి చూపించాలి. ఇద్దరికీ వేరు వేరు తప్పులు దొరుకుతాయి.

చివరి లోపలి పేజీ ఖాళీగా వదిలి, పైన "ఇందులో తప్పు కనబడితే ఇక్కడ రాయండి" అని వేసి, ఒక కాపీని పీర్లకొట్టంలో దారం కట్టి వేలాడదీశారు. మొదటి మొహర్రం అయ్యేసరికి అందులో నాలుగు చేతిరాతలు చేరాయి. ఒకటి కట్టెలు తెచ్చే ఇంటి గురించి: ఆ వంతు వాళ్లది కాదు, అప్పట్లో వేరే ఇంటివాళ్లు ఊరు విడిచిపోతే వీళ్లకు వచ్చిందని. థీసిస్‌ను మార్చలేం, అది పరీక్ష అయిపోయిన కాగితం. సారాంశం రెండో ముద్రణలో మాత్రం ఆ మాట "తర్వాత ఊరివాళ్లు చెప్పింది" అన్న శీర్షిక కింద విడిగా, తేదీతో చేరింది.